నవల నిండా లోకంలో లేని మాటలే: ‘సీమ్’ను తెలుగులో ఏమందాం?

అడయారు_కల్యాణి

అందరికీ నమస్కారం. ఒక ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ నవలను తెలుగు చేస్తున్నాను. హక్కుల ఒప్పందం ఇంకా పూర్తి కాలేదు, అందుకే పేరు చెప్పడం లేదు. నాలుగు అధ్యాయాలు అయ్యాయి. రచయిత కల్పించిన మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటే 137 తేలాయి. వాటిలో నన్ను నెల రోజులుగా ఆపేసింది ఒక్క కుటుంబం.

ఆ లోకంలో అంతరిక్షాన్ని గుడ్డలా మడిచి, దూరంగా ఉన్న రెండు చోట్లను ఒకదానికొకటి కలుపుతారు. కలిపిన చోటు పేరు ‘సీమ్’. అందులోంచి నౌకను అవతలికి తీసుకెళ్ళేవాళ్ళు ‘సీమర్లు’. ఆ చోటు పాడవడం మొదలైతే ‘ఫ్రే’. ఇంగ్లీషువాళ్ళకు ఇవి చొక్కా గురించి మాట్లాడుకునే మాటలు: సీమ్ అంటే కుట్టు, ఫ్రే అంటే పోగులు ఊడటం. ఈ కుటుంబంలో రచయిత కొత్తగా ఒక్క అక్షరం కూడా పుట్టించలేదు, ఇంట్లో మాటలకే కొత్త పని ఇచ్చారు.

నా మొదటి ప్రతిలో సీమ్‌ను ‘అంతరిక్ష సంయోజన రేఖ’ అన్నాను. సీమర్ ‘సంయోజకుడు’, ఫ్రే ‘సంయోజన విచ్ఛిత్తి’. మా చెల్లి చదివి, ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలా ఉందక్కా అంది. నాలుగో అధ్యాయంలో పైలట్‌కి మూడు సెకన్ల టైముంటుంది. మూలంలో ఒక్క మాట అరుస్తుంది. నా అనువాదంలో ‘సంయోజన విచ్ఛిత్తి!’ అని అరుస్తోంది. ఆ మాట పూర్తయ్యేలోపు నౌక ముక్కలైపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఆ పైలట్ స్త్రీ అని తొమ్మిదో అధ్యాయం దాకా పాఠకుడికి తెలియకూడదు. ఇంగ్లీషులో ఇంటిపేరుతోనే నడిపారు. నా ‘సంయోజకుడు’ మొదటి పేజీలోనే అబద్ధం చెప్పేస్తున్నాడు, ‘సంయోజకురాలు’ అంటే గుట్టు విప్పేసినట్టే. మీరైతే ఏం చేస్తారు?

వేళచ్చేరి_కుర్రాడు

కల్యాణి గారూ, మనం ఉన్న చెన్నైలోనే జవాబు ఉందండి. తమిళం వాళ్ళు బస్సుని పేరుందు అన్నారు, కంప్యూటర్‌ని కణిని అన్నారు, ఈమెయిల్‌ని మిన్నంజల్ అన్నారు. ఎక్కడా సంస్కృతం లేదు, ఇంగ్లీషు లేదు. బోర్డుల మీద రాస్తున్నారు, జనం చదువుతున్నారు. మనం మాత్రం ఏ కొత్త వస్తువొచ్చినా సంస్కృతం దగ్గరికి పరిగెడతాం, లేకపోతే ఇంగ్లీషు మాటకి చివర ఉ తగిలిస్తాం.

అచ్చ తెలుగులో చేయండి. మిన్ను అంటే ఆకాశం, అతుకు అంటే అతికిన చోటు. సీమ్ అంటే ‘మిన్నతుకు’. నడిపేవాడు ‘మిన్నతుకరి’. 137 మాటలూ ఇలాగే పుట్టించవచ్చు. రోబోని మరమనిషి అనలేదా? చెక్ భాషలో రోబో అంటే యంత్రం, మనం దాన్ని సరిగ్గా తెలుగు చేసుకున్నాం. అదే పద్ధతి.

ఆవడి_మాస్టారు

నాయనా, నీ ఉత్సాహం బాగుంది. ‘అరి’ అనే ప్రత్యయం దగ్గర నువ్వు సరైన తలుపే తట్టావు, దాని సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు రెండు విషయాలు.

రోబో అంటే యంత్రం కాదు. కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంలోంచి వచ్చిన మాట అది, సూచించింది ఆయన అన్న యోసెఫ్. చెక్‌లో రొబొతా అంటే జమీందారు పొలంలో కూలి లేకుండా చేయాల్సిన పని. మనకు సూటిగా మాట ఉంది, వెట్టి. ఆ నాటకంలో వాళ్ళు ఇనుముతో చేసినవాళ్ళు కూడా కాదు. మరమనిషి మంచి మాటే, అందరికీ తెలిసిన మాటే, కానీ అది వస్తువు ఎలా ఉంటుందో చెబుతుంది. చాపెక్ మాట ఆ వస్తువుని మనుషులు ఎలా చూశారో చెప్పింది. కల్యాణి గారికి కావలసింది ఈ రెండోదే.

ఇక పేరుందు. నేను నలభై ఏళ్ళుగా ఆవడిలో బస్సెక్కుతున్నాను. బోర్డు మీద పేరుందు నిలైయం అని ఉంటుంది, కింద నిలబడ్డ మనిషి ‘బస్ వందుడుచ్చా’ అని అడుగుతాడు. అది తమిళంలో లోపం కాదు, ఏ బతికున్న భాషలోనైనా జరిగేదే. మనకూ విద్యుత్తు శాఖ ఉంది, ఇంట్లో పోయేది మాత్రం కరెంటు. ఒకే వస్తువుకి ఆఫీసులో ఒక పేరు, వీధిలో ఒక పేరు.

అందుకని అమ్మా, సీమ్ అంటే ఏమిటి అని మొదలుపెట్టకండి. ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారో చూడండి. మీ నవలలో నివేదికలు, ప్రకటనలు, కోర్టులు ఉంటే అక్కడ ఒక పేరు కావాలి. పైలట్ల నోట్లో ఇంకో పేరు కావాలి. మూలంలో ఒకే మాట ఉన్నా, తెలుగులో రెండు పేర్లు ఉంటేనే అది నిజమైన లోకంలా ఉంటుంది.

ఆఫీసు పేరు ‘వ్యోమసంధి’ పెట్టండి. సంధి అంటే కలిసే చోటు, బడికి వెళ్ళిన ప్రతివాడికీ తెలుసు. వీధి పేరు ‘సందు’. సంధికి వికృతి సంది, సందు కూడా ఆ ఇంటి పిల్లే. రెండు గోడల మధ్య దూరి వెళ్ళే చోటు. ‘సందులోకి దూరాం’, ‘సందు దాటాం’ అంటే మూడు సెకన్లలో మూడుసార్లు అనవచ్చు. వాడి వాడి అరిగితే వ్యోమసంధి సందు అయిందని పాఠకుడే ఊహించుకుంటాడు, మీరు చెప్పక్కర్లేదు.

‘వ్యోమసందు’ అని మాత్రం రెండూ కలపకండి. సంస్కృతం పక్కన తెలుగు మాట పెట్టి చేసిన సమాసాన్ని పాతవాళ్ళు వైరి సమాసం అన్నారు. వాడుకలో ఇప్పుడు చాలా చెల్లుతున్నాయి, నేనూ వాటిని తప్పని కొట్టేయను. కానీ ఇక్కడ రెండు పేర్లకీ వేరువేరు ఇళ్ళున్నాయి కాబట్టి కలిపితే రెండూ పాడవుతాయి.

ఇప్పుడు ‘అరి’. నేర్పరి, చూపరి, జాలరి, ఒంటరి. వీటిలో ఆడా మగా తేడా లేదు. గాడు, కాడు, కుడు అన్నారంటే మగవాడైపోయాడు, కత్తె అంటే ఆడది అయిపోయింది. మీ పైలట్‌కి ‘అరి’ తొడగండి. కుట్టు నుంచి ‘కుట్టరి’ బాగుంటుందేమో చూడండి.

కోడంబాక్కం_డబ్బింగ్

కల్యాణి గారూ, ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు బొమ్మలకి తెలుగు మాటలు రాస్తున్నాను. మీరు ముందు చూసుకోవలసింది పెదవులు. ఆర్టిస్టు నోరు మూసుకుంటే అక్కడ ప, బ, మ పడాలి. ‘సీమ్’ అన్నప్పుడు చివర పెదాలు మూసుకుంటాయి, కాబట్టి సందు అంటే క్లోజప్‌లో తేలిపోతుంది. ‘సంధానం’ అయితే కూర్చుంటుంది. మీ సినిమాలో ఆ షాట్ క్లోజప్పా, లాంగా?

అడయారు_కల్యాణి

అన్నా, ఇది సినిమా కాదండి, పుస్తకం.

మాస్టారూ, మీరు రాసింది చదివి రాత్రి ఒంటిగంట దాకా నాలుగో అధ్యాయం మళ్ళీ రాశాను. సందు అనగానే వాక్యాలు వాటంతటవే చిన్నవైపోయాయి. సందు అంటే మా అమ్మకి చేపల బజారు వెనకున్న దారి గుర్తొస్తుందట, నవ్వొస్తుందేమో అని ఆమె అనుమానం. నాకైతే రెండో పేజీకే ఆ దారి మాయమైంది.

ఇంకో సంగతి. ఆరో అధ్యాయంలో సీమ్ దాటిన పైలట్లు ఒక గంటసేపు పొంతన లేకుండా మాట్లాడతారు. రచయిత దాన్ని ‘సీమ్‌టాక్’ అన్నారు. దీనికి ఏమీ తోచడం లేదు.

ఆవడి_మాస్టారు

అమ్మా, తెలుగు మీకోసం ఎప్పుడో చేసి పెట్టింది. జ్వరం తలకెక్కి మనిషి ఏదేదో మాట్లాడితే ఏమంటాం? సంధి ప్రేలాపన! ఆ సంధి వేరు, ఈ సంధి వేరు. మీ నవలలో మాత్రం రెండూ ఒకటైపోతాయి. డాక్టరు నోట ‘సంధి ప్రేలాపన’, తోటివాళ్ళ నోట ‘సంధి పట్టింది’. మూలంలో లేని అందం ఇది. మూలంలోని అందాలు కొన్ని ఎలాగూ పోతాయి కాబట్టి దీన్ని వదలకండి.

అంబత్తూరు_పద్మ

నేను రచయితని కాదు, గార్మెంట్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. పుస్తకాలు చదువుతాను, అందుకే ఇక్కడున్నాను. రెండు మాటలు చెప్పాలనిపించింది.

మాస్టారు కుట్టరి అన్నారు. కుట్టరి అంటే కుట్టేవాళ్ళు. కల్యాణి గారు చెప్పినదాన్ని బట్టి పైలట్ ఏదీ కుట్టడం లేదు, ముందే కుట్టి ఉన్న చోటులోంచి వెళ్తోంది. పైగా ‘కుట్టింది’ అంటే చదివేవాళ్ళకి తేలో చీమో గుర్తొస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. బట్ట రెండు రకాలుగా పాడవుతుంది. ఓవర్‌లాక్ చేయకుండా వదిలేస్తే కోసిన అంచు నుంచి పోగులు ఒక్కొక్కటే లేచి ఊడొస్తాయి. అది మెల్లగా జరుగుతుంది, చూసినవాళ్ళు ఆపుకోవచ్చు. ఇంకోటి, టైటుగా ఉన్న జాకెట్టు చంక దగ్గర ఒక్కసారిగా పిగిలిపోతుంది. కుట్టు దారం తెగినా కావచ్చు, దారం గట్టిగా ఉండి దాని పక్కన బట్టే చిరిగినా కావచ్చు. పిగిలాక చేసేదేం లేదు. పోగులు లేవడం వేరు, పిగలడం వేరు. మా యూనిట్‌లో ఈ రెండింటికీ పీసు తిప్పి పంపే కారణాలు కూడా వేరువేరుగా రాస్తాం. మీ నవలలో ఫ్రే అంటే ఈ రెండింటిలో ఏది?

అడయారు_కల్యాణి

పద్మ గారూ, మీ మాట చదివి పుస్తకం మొత్తం మళ్ళీ తిరగేశాను. ఎంత పొరపాటు చేశానో ఇప్పుడు అర్థమైంది. మూలంలో రెండు మాటలున్నాయి. ‘ఫ్రే’ పదకొండు చోట్ల వచ్చింది, పదకొండుసార్లూ నెమ్మదిగా జరిగేదే. పైలట్ అరిచే మాట ఫ్రే కాదు, ‘బర్స్ట్’. నేను రెండింటినీ ‘విచ్ఛిత్తి’ చేసేశాను. దానివల్ల రెండో అధ్యాయంలోనే పైలట్ అంచు పాడవడం చూసి ఎవరికీ చెప్పకపోవడం, నాలుగో అధ్యాయంలో అది తెగిపోవడం, ఈ రెండింటి మధ్య ఉన్న సంబంధం నా అనువాదంలో పోయింది. ఆమె తప్పు ఎక్కడ మొదలైందో పాఠకుడికి తెలియడం లేదు. కథంతా ఆ తప్పు మీదే నడుస్తుంది.

ఇప్పుడు ‘పోగులు లేస్తున్నాయి’, ‘పిగిలింది’. ఆఫీసు నివేదికలో మొదటిదానికి ‘అంచు శైథిల్యం’ అని రాస్తాను.

కుట్టరి వద్దు, ఒప్పుకుంటున్నాను. ‘సందరి’ అని చూశాను. చెల్లి రెండుసార్లు సందడి అని చదివింది.

ఆవడి_మాస్టారు

పద్మగారికి నా నమస్కారం. నేను చూడలేదు.

వృత్తి మాటల కోసం నిఘంటువులు వెతికేవాళ్ళకు ఒకటి చెప్పాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం వచ్చింది. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయం, రెండోది చేనేత. ఊరూరా తిరిగి పనిచేసేవాళ్ళ నోటి నుంచి సేకరించిన మాటలవి. పడుగు, పేక అందరికీ తెలుసు. కండె, నాడె, ఆసు కూడా పట్టుకుంటే ఈ నవలలో ఇంకో ఇరవై యంత్రాలకు పేర్లు దొరుకుతాయి. ఊహించిన యంత్రానికి కొత్త మాట కావాలనుకుంటాం. పాత పనిముట్టు పేరు పెడితే ఆ యంత్రాన్ని ఎవరో చేత్తో పట్టుకుని వాడినట్టు ఉంటుంది.

పైలట్ మాట ఆలోచిస్తున్నాను.

సూళ్ళూరుపేట_రాజు

ఇప్పుడు పెరంబూరులో ఉంటున్నాను, పుట్టి పెరిగింది సూళ్ళూరుపేటలో. శ్రీహరికోట మాకు పక్కనే. పేపర్లో ఎప్పుడూ ‘ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టారు’, ‘వాహకనౌక నింగిలోకి దూసుకెళ్ళింది’ అని ఉండేది. మా వీధిలో ఒక్కరు కూడా అలా అనరు. ‘ఈరోజు రాకెట్ వదులుతున్నారంట, మిద్దెక్కండి’ అంటారు. తారాజువ్వని వదిలినట్టే, దానికీ వదలడమే. లాంచ్ వాయిదా పడితే ‘ఇవాళ వదల్లేదు’.

మా నాయన అక్కడ క్యాంటీన్‌లో పనిచేశారు, ఇంజినీర్లు కూడా తెలుగులో మాట్లాడుకునేటప్పుడు ఇలాగే అనేవాళ్ళని చెప్పేవారు. అందుకే నామవాచకాలు మాత్రమే పట్టుకుని కూర్చోవద్దని నా మనవి. యంత్రానికి ఏ పేరు పెట్టినా, దానితో ఏం చేస్తారనే క్రియ మామూలు తెలుగు క్రియ అయితే సగం టెన్షన్ పోతుంది. వదలడం, దూరడం, దాటడం, ఎక్కించడం, దించడం. ‘ప్రవేశపెట్టబడింది’ అన్నారంటే ఇక ఏ పేరూ కాపాడలేదు.

ఆవడి_మాస్టారు

రాజూ, దొరికింది! దాటడం. చూపు నుంచి చూపరి, నేర్పు నుంచి నేర్పరి, దాటు నుంచి ‘దాటరి’. దాటరి, దాటరులు, దాటరికి, దాటరితో. అన్ని విభక్తుల్లోనూ పెట్టి చూశాను, ఎక్కడా నాలుక తడబడలేదు. కొత్త మాటకి మొదటి పరీక్ష ఇదే. ఒంటరిగా ఎంత బాగున్నా బహువచనం చేయగానే కొన్ని చచ్చిపోతాయి.

వేళచ్చేరి_కుర్రాడు

దాటరి చాలా బాగుంది మాస్టారూ. రోబో విషయంలో సరిదిద్దినందుకు థాంక్స్. ఒక్క అభ్యంతరం మాత్రం ఉంది. ఇంగ్లీషులో సీమ్, సీమర్ ఒకే వేరు నుంచి వచ్చాయి. సందు, దాటరి అంటే ఆ బంధం తెగిపోయింది. రచయిత కావాలని కట్టిన బంధాన్ని మనం తెంపవచ్చా?

ఆవడి_మాస్టారు

తెగింది, నిజమే. పడవకీ సరంగుకీ మాటలో చుట్టరికం లేదు, అయినా ఇద్దర్నీ విడదీసి ఎవరూ ఊహించరు. నా మటుకు నాకు ఇది చాలు. నీకు చాలకపోతే అది కూడా సబబే.

చూళైమేడు_పాఠకురాలు

కల్యాణి గారూ, దాటరి అన్నంత మాత్రాన స్త్రీ అన్న గుట్టు దాగదు కదా? ఇంగ్లీషులో క్రియకి లింగం లేదు. మనకి ‘దాటరి వచ్చాడు’ అన్నా, ‘దాటరి వచ్చింది’ అన్నా అయిపోయింది. తొమ్మిది అధ్యాయాల పాటు ఎలా దాస్తారు?

అడయారు_కల్యాణి

దానికి ఒక దారి దొరికింది. ‘దాటరి వచ్చారు’. గౌరవ బహువచనంలో ఆడా మగా తెలియదు. ఆ ఒక్క మనిషికే రు పెడితే పాఠకుడు అనుమానిస్తాడు కాబట్టి, దాటరులందరికీ కథకుడు గౌరవంగానే రాస్తాడు. మెకానిక్కులకీ వంటవాళ్ళకీ మామూలు వాడు, ఆమె. దాంతో ఆ లోకంలో దాటరులంటే ఒక మెట్టు పైనున్నవాళ్ళని తెలుస్తోంది. మూలంలో కూడా వాళ్ళకి ఆ గౌరవం ఉంది. ‘అతను, ఆమె’ రావలసిన చోట ‘తను’ వాడుతున్నాను. మొదటి ప్రశ్నలో నేనే ‘అరుస్తుంది’ అని రాసేసి గుట్టు విప్పాను, ఇక్కడివాళ్ళందరికీ క్షమాపణ.

నౌకని నడిపే యంత్రబుద్ధి దగ్గర మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. మూలంలో దాన్ని ‘ఇట్’ అంటారు, చివర్లో ఒక్కసారి ‘షీ’ అంటారు. ఆ మార్పు చదివి నేను ఏడ్చాను. తెలుగులో రెండింటికీ ‘వచ్చింది’, ‘చెప్పింది’ ఒకటే. ‘అది’ నుంచి ‘ఆమె’కి మారడం ఒక్క సర్వనామం మీద నిలబడాలి. అక్కడిదాకా ఆ యంత్రానికి ప్రతి వాక్యంలో ‘అది’ గట్టిగా వినిపించేలా రాస్తే సరిపోతుందేమో. మామూలుగా తెలుగులో సర్వనామం వదిలేస్తాం, ఇక్కడ వదలకుండా రాయాలి.

డీటీపీ_శంకర్

ట్రిప్లికేన్‌లో డీటీపీ చేస్తాను, ఎక్కువగా తెలుగు పుస్తకాలే. మాటల మంచిచెడ్డలు నాకు తెలియవు. అర్థం లేని పేర్లు ఏం చేస్తున్నారు? మొన్న ఒక నవలలో గ్రహాల పేర్లన్నీ పొల్లుతో ఉన్నాయి. ‘న్’ తర్వాత ‘లో’ వస్తే రెండూ కలిసిపోయి ‘న్లో’ అయిపోతుంది. విడిగా ఉండాలంటే మధ్యలో U+200C అనే కనపడని అక్షరం పెట్టాలి. అనువాదకులు పెట్టారు. యూనికోడ్ నుంచి ప్రెస్సు వాళ్ళ పాత ఫాంటులోకి మార్చేటప్పుడు అవన్నీ ఎగిరిపోయాయి. ప్రూఫులో రెండు వందల పేజీల్లో ఒకే పేరు రెండు రకాలుగా కనిపించింది. చేత్తో దిద్దాం. మాట ఎంచుకునేటప్పుడే చూసుకుంటే ఈ బాధ ఉండదు.

అడయారు_కల్యాణి

శంకర్ గారూ, నా దగ్గర అలాంటివి పన్నెండు ఉన్నాయి. ఉదాహరణకి వాళ్ళ ఇంధనం పేరు ‘ఓల్‌ట్రిన్’. ఏ అర్థమూ లేదు.

ఆవడి_మాస్టారు

ఆ ఇంధనం ఎన్నాళ్ళుగా వాడుకలో ఉంది వాళ్ళకి? తెలుగువాడి నోట్లో పడి ఒక తరం గడిస్తే ఏ మాటైనా అచ్చుతో ముగుస్తుంది. బస్ బస్సయింది, రైల్ రైలయింది, రోడ్ రోడ్డయింది. ముత్తాతల కాలం నుంచీ వాడే ఇంధనమైతే ‘ఓల్ట్రిను’ అనండి. ‘ఓల్ట్రిను అయిపోయింది’, ‘ఓల్ట్రినులో నీళ్ళు కలిపారు’. శంకర్‌గారి కనపడని అక్షరం కూడా అక్కర్లేదు. నిన్న కాక మొన్న బయటి గ్రహం నుంచి వచ్చిన వస్తువైతే పొల్లు అలాగే ఉంచండి. ఏది పాతదో ఏది కొత్తదో ఆ పొల్లే చెబుతుంది.

తరమణి_సాఫ్ట్‌వేర్

ఇన్ని మాటలు మారుస్తున్నారు కదా, పాతవి ఎక్కడో మిగిలిపోతాయి. ‘సంయోజకుడు’ అని వెతికితే ‘సంయోజకుణ్ణి’, ‘సంయోజకులు’ దొరకవు, తెలుగులో మాట చివర మారిపోతుంది కాబట్టి. మాట మొదలు మాత్రమే ఇచ్చి వెతకాలి. అధ్యాయాలు టెక్స్ట్ ఫైళ్ళుగా ఉంటే ఇది చాలు:

```
grep -ohE "సంయోజ[^ ]*" ch*.txt | sort | uniq -c
grep -ohE "వ్యోమసం[^ ]*" ch*.txt | sort | uniq -c
```

మొదటిది ‘సంయోజ’తో మొదలయ్యే పాత మాటలు ఎన్నెన్నిసార్లు మిగిలిపోయాయో చూపిస్తుంది. రెండోదానిలో మాస్టారు వద్దన్న ‘వ్యోమసందు’ ఎక్కడైనా పడి ఉంటే బయటపడుతుంది.

చూళైమేడు_పాఠకురాలు

పుస్తకం చివర పదకోశం పెడుతున్నారా? పాఠకురాలిగా నాకు అది నచ్చదు. మూలంలో లేకపోతే మనకెందుకు?

అడయారు_కల్యాణి

పెట్టడం లేదు. దానికి కారణమైన మాట ఒకటుంది, అదే నాకు మిగిలిన పెద్ద చిక్కు. మొదటి అధ్యాయం నుంచీ ‘ఫలానావాణ్ణి క్వైట్‌కి పంపారు’ అంటుంటారు. జైలేమో, ఆస్పత్రేమో అనుకుంటాం. పంతొమ్మిదో అధ్యాయంలో తెలుస్తుంది, అది మనిషి జ్ఞాపకాలను పూర్తిగా తుడిచేయడం. నేను మొదట్లో ‘స్మృతిహరణం’ అని రాసేశాను. సంస్కృత సమాసంతో వచ్చే ప్రమాదమే ఇది. మాట విప్పగానే లోపలున్నదంతా కనిపిస్తుంది. పద్దెనిమిది అధ్యాయాల భయం ఒక్క మాటతో పోయింది. ‘మౌనానికి పంపారు’ అంటే ఎవరో సాధువు దగ్గరికి పంపినట్టుంది.

ఆవడి_మాస్టారు

భయపడే వాటికి మనవాళ్ళు పెట్టిన పేర్లు చూడండి. రాత్రిపూట పామును పురుగు అంటారు. ఒళ్ళంతా పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందంటారు. దీపం ఆరిపోయిందని నోటితో అనరు, కొండెక్కింది అంటారు. ఆ జనం కూడా అలాంటి భయంలోనే బతుకుతున్నారు. ‘వాణ్ణి కొండెక్కించారు’ అంటే ఎలా ఉంటుంది? మొదట ఏదో ఊరికి పంపారనుకుంటాం. పంతొమ్మిదో అధ్యాయంలో దీపం సంగతి గుర్తొస్తుంది.

సూళ్ళూరుపేట_రాజు

మాస్టారూ, ఇవాళ కొండెక్కింది అంటే టమాటా ధర గుర్తొస్తుందండి. పైగా మావైపు కొండెక్కారంటే తిరుమలకి వెళ్ళారని. దర్శనం బాగా అయిందా అని అడుగుతారు.

అంబత్తూరు_పద్మ

నాకు కొండెక్కించడం చదవగానే ఒళ్ళు జలదరించింది. మా నాయనమ్మ దీపం గురించి ఎప్పుడూ అలాగే అనేది. కానీ నా కూతురికి చెబితే దానికి తెలియలేదు. పద్దెనిమిదేళ్ళు దానికి.

అడయారు_కల్యాణి

రెండూ నిజమే అనిపిస్తోంది. దాన్ని పెన్సిల్‌తో రాసి ఉంచాను. నాలుగో అధ్యాయం ఇప్పుడిలా ఉంది, చూడండి:

‘సందు అంచున పోగులు ఇంకా లేస్తూనే ఉన్నాయి. నివేదికలో ఒక్క వరుస ఉంది: వ్యోమసంధి నాలుగు, అంచు శైథిల్యం స్వల్పం. ఆ వరుస రాసింది తనే. దాటరి చెయ్యి మీట మీద ఉంది. నౌక ముక్కు సందులోకి దూరింది. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఎక్కడో బట్ట చిరిగిన చప్పుడు. “పిగిలింది!” దాటరి అరిచారు. అది వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది.’

చివరి వాక్యంలో ‘అది’ నౌకా, యంత్రబుద్ధా అన్నది తేలడం లేదని నాకే అనుమానం.

అంబత్తూరు_పద్మ

తేలడం లేదు. ఇంకోటి, పిగిలేటప్పుడు చప్పుడు ముందు రాదండి. ముందు కుట్టు దగ్గర బట్ట లాగి, దారాల మధ్య సందులు తెల్లగా కనిపిస్తాయి. లైన్‌లో మేము పీసుని రెండు చేతులతో లాగి దాన్నే చూస్తాం. మూలంలో ఆ గుర్తు ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే చప్పుడుకి ముందు అది రావాలి.

అడయారు_కల్యాణి

ఉంది పద్మ గారూ. ‘దారాల మధ్య వెలుతురు’ అని ఒక చిన్న వాక్యం. అర్థం కాక వదిలేశాను. ఇప్పుడే పెడుతున్నాను.